బోర్డు ఫొటోలో ధ కాస్తా ద ఎందుకవుతుంది, మళ్లీ తీసేటప్పుడు ఏం మార్చాలి

ప్రశ్న: మా మండలంలోని ఊళ్ల పేర్లు, వీధుల పేర్లు, దుకాణాల పేర్లు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేరుస్తున్నాను. బోర్డులను ఫోన్‌తో ఫొటో తీసి, ఇంటికొచ్చాక అక్షరాలు గుర్తించే సాఫ్ట్‌వేర్‌తో చదివిస్తున్నాను. ధ ద అవుతోంది, ఏ ఎ అవుతోంది, ఒత్తులు మాయమవుతున్నాయి. ఫోన్ తెర మీద చూస్తే ఫొటో బాగానే ఉంటోంది. తప్పు ఫొటోదా, సాఫ్ట్‌వేర్‌దా? ఫొటోదే అయితే మళ్లీ ఎలా తీయాలి?

సమాధానం:

చాలావరకు తప్పు ఫొటోదే. మీరు చెప్పిన మూడు తప్పులనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏ ఒక్కదానిలోనూ అక్షరం మొత్తం పోలేదు. అక్షరాన్ని అంటిపెట్టుకుని ఉన్న ఒక చిన్న గీత మాత్రమే పోయింది. తెలుగు లిపిలో ఒక అక్షరాన్ని ఇంకో అక్షరం నుంచి విడదీసేది చాలాచోట్ల ఇంతటి చిన్న గుర్తే. ద, ధ ల మధ్య తేడా అడుగున ఉన్న చిన్న గీత. థ, ధ ల మధ్య తేడా లోపలి చుక్క. ప, వ ల మధ్య తేడా ప్రధానంగా తలకట్టు అక్షరానికి అంటుకుని ఉందా, కాస్త ఎడంగా ఉందా అన్నదే. హ్రస్వ దీర్ఘాల సంగతి చెప్పనక్కర్లేదు, గుడి చివర ఒక చిన్న మెలిక ఉంటే దీర్ఘం, లేకపోతే హ్రస్వం. కనుక ఫొటో బాగుందా లేదా అని అడిగేటప్పుడు అక్షరం కనబడుతోందా అని చూడడం సరిపోదు. బోర్డు మీద ఉన్న అతి చిన్న గీత ఫొటోలో ఎన్ని పిక్సెళ్ల వెడల్పు వచ్చింది, ఆ పిక్సెళ్లు విడివిడిగా ఉన్నాయా, ఒకదానిలో ఒకటి కలిసిపోయాయా అని చూడాలి. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క కొలత చుట్టూనే తిరుగుతుంది.

ఫోన్ తెర మీద బాగానే ఉండడానికి కారణం ఇంకొకటి. మీకు ఆ ఊరి పేరు ముందే తెలుసు. తెలిసిన పేరును మన కన్ను అక్షరం అక్షరంగా చదవదు, ఆకారాన్ని బట్టి పోల్చుకుంటుంది, లేని ఒత్తును కూడా మనసే పూరిస్తుంది. సాఫ్ట్‌వేర్ కూడా ఒక మేరకు ఇదే పని చేస్తుంది. అక్షరం స్పష్టంగా లేనప్పుడు తాను ఎక్కువగా చూసిన అక్షరాల వరుసవైపు మొగ్గుతుంది. అందుకే మసక ఫొటో నుంచి వచ్చే తప్పు గజిబిజి గుర్తులుగా కాకుండా, చక్కగా చదవగలిగే మరో తెలుగు మాటగా వస్తుంది. కొత్తపేట కొతపేటగా వస్తే పట్టుకుంటాం. అరుదైన ఊరి పేరు కాస్తా మామూలు మాటగా మారి వస్తే అది అలాగే మ్యాపులోకి వెళ్లిపోతుంది.

ఇక లెక్కకు వద్దాం. ఈ కాలపు ఫోన్ల ప్రధాన కెమెరా సాధారణంగా 12 మెగాపిక్సెళ్ల ఫొటో ఇస్తుంది, అంటే అడ్డంగా దాదాపు 4000, నిలువుగా 3000 పిక్సెళ్లు. 50 మెగాపిక్సెళ్లని పెట్టె మీద రాసి ఉన్న ఫోన్లలోనూ చాలావరకు నాలుగేసి పిక్సెళ్లను కలిపి చివరకు ఇంతే ఇస్తాయి. `1x` దగ్గర ఆ కెమెరా చూసే వెడల్పు, బోర్డుకు మీకు ఉన్న దూరానికి సుమారు ఒకటిం బావు నుంచి ఒకటిన్నర రెట్ల మధ్య ఉంటుంది. 10 మీటర్ల దూరంలో నిలబడితే ఫొటోలో పట్టేది దాదాపు 13 మీటర్ల వెడల్పు. 4000 పిక్సెళ్లను 13 మీటర్లకు పంచితే మీటరుకు 300, అంటే సెంటీమీటరుకు మూడు పిక్సెళ్లు. దూరం మూడింతలై 30 మీటర్లయితే సెంటీమీటరుకు ఒక్క పిక్సెల్ మిగులుతుంది.

ఈ అంకెలను ఒక బోర్డు మీద పెట్టి చూద్దాం. ఊరి మొదట్లో రెండు మీటర్ల వెడల్పున్న బోర్డు, దాని మీద 15 సెంటీమీటర్ల ఎత్తు అక్షరాలతో ధవళేశ్వరం అని రాసి ఉందనుకోండి. ఈ పేరును కావాలనే తీసుకున్నాను. ఇందులో ధ కింద గీత ఉంది, ళే లో ఏత్వం ఉంది, శ్వ లో వ ఒత్తు ఉంది, చివర సున్న ఉంది. మీరు చెప్పిన తప్పులన్నీ జరగడానికి ఈ ఒక్క పేరు చాలు. ఆ ఎత్తు అక్షరాలకు కుంచె మందం సుమారు రెండు సెంటీమీటర్లు ఉంటుంది, ధ కింది గీత కూడా అంతే. 10 మీటర్ల నుంచి తీస్తే ఆ గీతకు ఆరు పిక్సెళ్లు వస్తాయి. 30 మీటర్ల నుంచి తీస్తే రెండు. నా అనుభవంలో అతి చిన్న గీతకు కనీసం నాలుగు పిక్సెళ్లు, ఒత్తు కాకుండా అక్షరం ఎత్తుకు కనీసం నలభై పిక్సెళ్లు ఉంటేనే తెలుగు చదువును నమ్మవచ్చు. ఇంగ్లీషు పెద్దక్షరాలు దీనికి సగంలోనూ సరిగ్గానే చదవబడతాయి. అందుకే ఒకే బోర్డు మీద ఇంగ్లీషు పేరు సరిగ్గా వచ్చి, దాని పైనున్న తెలుగు పేరు తప్పుగా వస్తుంటుంది. దాన్ని చూసి సాఫ్ట్‌వేర్‌కు తెలుగు రాదని అనుకుంటాం గానీ, తెలుగుకు అందాల్సిన పిక్సెళ్లు అందలేదన్నది అసలు సంగతి.

ఇప్పుడు కోణం సంగతి. బోర్డుకు సరిగ్గా ఎదురుగా నిలబడితే సున్నా డిగ్రీలనుకుందాం. రోడ్డు పక్కన నడుస్తూ 45 డిగ్రీల నుంచి తీస్తే బోర్డు వెడల్పు ఫొటోలో 70 శాతానికి తగ్గుతుంది. 60 డిగ్రీలకు సగమవుతుంది. 75 డిగ్రీలకు నాలుగో వంతుకు పడిపోతుంది. ఎత్తు మాత్రం తగ్గదు. అంటే పక్క నుంచి తీసిన ఫొటోలో నష్టమంతా అడ్డంగా జరుగుతుంది. నిలువు గీతలు సన్నబడతాయి, అక్షరానికి అక్షరానికి మధ్య ఎడం పూడుకుపోతుంది, గుండ్రని అక్షరం రెండు పక్కల నుంచి నొక్కిన కోడిగుడ్డులా మారి థ లోని చుక్క గోడలను తాకుతుంది. మన ధవళేశ్వరం బోర్డును 30 మీటర్ల నుంచి 60 డిగ్రీల కోణంలో తీస్తే, మొత్తం రెండు మీటర్ల బోర్డుకు అడ్డంగా వచ్చేది 100 పిక్సెళ్లు. రెండు సెంటీమీటర్ల నిలువు గీతకు ఒక పిక్సెల్. ఆ ఫొటోను పెద్దది చేసి చూసినప్పుడు ధ కింద ఏదో మచ్చ ఉన్నట్టు అనిపించవచ్చు. అది గీత అని చెప్పడానికి మాత్రం ఆధారం ఉండదు.

కింది నుంచి పైకి తీసినప్పుడు నష్టం దిశ మారుతుంది. దుకాణాల బోర్డులు సాధారణంగా తలుపు పైన ఉంటాయి, ఒక బోర్డు నేలకు నాలుగు మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. ఫోన్ మీ చేతిలో ఒకటిన్నర మీటరు ఎత్తులో ఉంటుంది, తేడా రెండున్నర మీటర్లు. మీరు దుకాణానికి రెండున్నర మీటర్ల దూరంలో నిలబడి తలెత్తి తీస్తే అది 45 డిగ్రీల కోణం, అక్షరాల ఎత్తు 70 శాతానికి కుదించుకుపోతుంది. ఈసారి దెబ్బ తగిలేది ఒత్తులకూ గుడులకూ. కింది ఒత్తు పై అక్షరానికి అతుక్కుపోతుంది, ప మీది తలకట్టుకు ఉన్న ఎడం మూసుకుపోయి వ లాగా అవుతుంది. అదే రోడ్డు దాటి 10 మీటర్ల దూరం నుంచి తీస్తే కోణం 14 డిగ్రీలకు తగ్గుతుంది, ఎత్తులో నష్టం మూడు శాతమే. దగ్గరికి వెళ్తే స్పష్టంగా వస్తుందన్న మాట ఊరి బోర్డు విషయంలో నిజం, దుకాణం బోర్డు విషయంలో సగమే నిజం.

వాలుగా తీసిన ఫొటోను తర్వాత సాఫ్ట్‌వేర్‌తో నిటారుగా చేసుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. చేసుకోవచ్చు, బోర్డు నాలుగు మూలలూ ఫొటోలో ఉంటే అది బాగానే చేస్తుంది. కానీ అది చేసేది సాగదీయడం. ఒక పిక్సెల్ వెడల్పు గీతను రెండు పిక్సెళ్లకు సాగదీస్తే గీత వెడల్పు పెరుగుతుంది గానీ, ఆ పిక్సెల్‌లోనే కలిసిపోయిన రెండు గీతలు మళ్లీ విడిపోవు. కోణం 20, 25 డిగ్రీల లోపు ఉన్నంతవరకు నష్టం పదో వంతు దాటదు కనుక, ఆ మేరకు వాలును సాఫ్ట్‌వేర్‌కు వదిలేయవచ్చు. సూటిగా ఎదురు నిలబడాలని మరీ పట్టుబట్టనక్కర్లేదు. ఎండ మెరుపు తప్పించుకోవడానికి కొంత పక్కకు జరగడం మంచిదే.

ఫోన్‌నే పక్కకు ఒరిగించి పట్టుకోవడం వేరే తప్పు. అది వీటన్నిటిలోకి చిన్నది, ఎందుకంటే ఫొటోను తిప్పితే సరిపోతుంది, గీతలేవీ పోవు. తిప్పకుండా చదివిస్తేనే చిక్కు. రెండు మీటర్ల బోర్డు ఐదు డిగ్రీలు ఒరిగితే ఒక కొస రెండో కొసకన్నా 17 సెంటీమీటర్లు పైకి లేస్తుంది, అంటే ఒక అక్షరం ఎత్తుకన్నా ఎక్కువ. సాఫ్ట్‌వేర్ ముందుగా పంక్తులను విడదీసి ఆ తర్వాత అక్షరాలను చదువుతుంది. ఒరిగిన ఫొటోలో పై పంక్తి ఒత్తులు కింది పంక్తి గుడుల్లోకి దిగుతాయి, ఒత్తును కింది పంక్తికి చెందిన చెత్తగా తీసివేయడం జరుగుతుంది. కెమెరా సెట్టింగులలో గళ్ల గీతలు తెర మీద కనిపించేలా పెట్టుకుని, బోర్డు పై అంచును ఒక గీతకు సమాంతరంగా ఉంచితే ఈ సమస్య అక్కడే తీరిపోతుంది.

మసకకు వస్తే, అది ఒకటే రకం కాదు, మూడు రకాలు. మందు వేరు వేరు గనుక ఏది జరిగిందో ముందు గుర్తించాలి. ఫొటోను పూర్తిగా పెద్దది చేసి, బోర్డు మీద చిన్న చుక్కలాంటిది ఏదైనా చూడండి. మేకు తల, బోల్టు, వెలిగే బల్బు, ఏదైనా సరే. అది ఒక దిక్కుకు సాగి గీతలా కనిపిస్తే చేయి గానీ వాహనం గానీ కదిలింది. అన్ని వైపులా సమానంగా ఉబ్బి బిళ్లలా కనిపిస్తే ఫోకస్ బోర్డు మీద పడలేదు, వెనక చెట్టు మీదో ముందున్న తీగ మీదో పడింది. బోర్డు అంతా పలచని పాలపొర కప్పినట్టుండి, దీపాల చుట్టూ చారలు వస్తే లెన్సు మీద వేలిముద్ర ఉంది. మూడోదానికి శుభ్రమైన మెత్తటి గుడ్డ చాలు. రోజంతా జేబులో తిరిగే ఫోన్‌కు ఈ తుడుపు ప్రతి ఫొటోకూ ముందు అవసరం.

చేయి కదలడం ఎంత చిన్నదో, దాని ఫలితం ఎంత పెద్దదో చూడండి. 4000 పిక్సెళ్లలో దాదాపు 67 డిగ్రీల వెడల్పు పడుతుంది, అంటే ఒక్కో డిగ్రీకి 60 పిక్సెళ్లు. షట్టర్ తెరిచి ఉన్నంతసేపట్లో ఫోన్ ఒక డిగ్రీలో పదో వంతు తిరిగినా ఆరు పిక్సెళ్లు చెదిరిపోతాయి. 10 మీటర్ల దూరంలో ధ కింది గీత వెడల్పు సరిగ్గా ఆరు పిక్సెళ్లేనని పైన లెక్క కట్టాం. అడ్డంగా కదిలితే నిలువు గీతలు, నిలువుగా కదిలితే అడ్డ గీతలు కరిగిపోతాయి. షట్టర్ మీటను బొటనవేలితో గట్టిగా నొక్కేవారి ఫొటోల్లో నిలువు చెదురు ఎక్కువ, వాటిలో తలకట్లూ ఒత్తులూ ముందు పోతాయి. ఎండలో షట్టర్ చాలా తక్కువసేపు తెరుచుకుంటుంది కనుక ఇది పెద్దగా తెలియదు. సాయంత్రం ఆరు దాటాక ఫోన్ దానంతట అదే షట్టర్ సమయాన్ని సెకనులో ముప్పయ్యో వంతుకు, ఒక్కోసారి ఇంకా ఎక్కువకు పెంచుతుంది. కదలికను సవరించే లెన్సు ఉన్న ఫోన్లు చేతి వణుకును చాలావరకు సరిచేస్తాయి, బండి కదలికను మాత్రం సరిచేయలేవు.

బండి మీద వెళ్తూ తీసినవి ఎందుకు పనికిరావో కూడా లెక్కే చెబుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 11 మీటర్లు. సెకనులో వందో వంతు షట్టర్ తెరిచి ఉంటే, పక్కగా ఉన్న బోర్డు ఫొటోలో 11 సెంటీమీటర్ల మేర చెదిరిపోతుంది, దాదాపు ఒక అక్షరం వెడల్పు. ఐదువందలో వంతుకు తగ్గించినా రెండు సెంటీమీటర్లు చెదురుతుంది, అది మన గీత మందంతో సమానం. వెలుతురు తగ్గితే ఫోన్ అంత తక్కువ సమయానికి కూడా వెళ్లదు. ఆగడం ఒక్కటే మార్గం. ఆగడానికి వీలులేని రహదారి అయితే ఆ బోర్డును వదిలేసి, ఊళ్లోని పంచాయతీ కార్యాలయం బోర్డో, బడి బోర్డో తీసుకోవడం మేలు. అదే పేరు అక్కడ నిలకడగా దొరుకుతుంది.

ఇక తీసిన తర్వాత జరిగే నష్టం ఒకటుంది. ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపి, అక్కడి నుంచి కంప్యూటర్‌లోకి దింపుకుంటున్నారా? మామూలుగా పంపిన ఫొటో పొడవు వైపు దాదాపు 1600 పిక్సెళ్లకు తగ్గుతుంది. 4000 నుంచి 1600కు తగ్గితే, పాటుపడి సంపాదించిన ఆరు పిక్సెళ్ల గీత దాదాపు రెండున్నర పిక్సెళ్లవుతుంది. దీనికి తోడు జేపెగ్ పద్ధతి ఫొటోను ఎనిమిదేసి పిక్సెళ్ల చదరపు గడులుగా విడదీసి, ఒక్కో గడిలోని సన్నని వివరాన్ని తగ్గిస్తుంది. సన్నని వివరమంటే ఇక్కడ ఒత్తే. పైగా రంగుల వివరాన్ని సాధారణంగా వెలుగు వివరంకన్నా తక్కువ పిక్సెళ్లలో దాస్తుంది, కనుక నీలం మీద ఎరుపు, ఆకుపచ్చ మీద ఎరుపు వంటి బోర్డులు నలుపు తెలుపు బోర్డులకన్నా ముందుగా పాడవుతాయి. ఫొటోను డాక్యుమెంటుగా పంపండి, లేదా తీగతో నేరుగా కంప్యూటర్‌లోకి ఎక్కించండి. స్క్రీన్‌షాట్ తీసి పంపడం ఇంకా పెద్ద తప్పు.

మళ్లీ తీసేటప్పుడు ధవళేశ్వరం బోర్డు దగ్గర ఏం చేస్తానో చెబుతాను. ముందుగా రోడ్డు అంచు దాటి, బోర్డుకు ఎదురుగా ఆరు మీటర్ల దూరంలో నిలబడతాను. ఎనిమిది పెద్ద అడుగులంటే ఇంచుమించు అంతే. ఆరు మీటర్లకు ఫొటోలో పట్టేది ఎనిమిది మీటర్ల వెడల్పు, అంటే మీటరుకు 500 పిక్సెళ్లు. బోర్డుకు 1000, అక్షరం ఎత్తుకు 75, చిన్న గీతకు 10 పిక్సెళ్లు వస్తాయి. నాలుగు చాలన్నచోట పది ఉన్నాయి కనుక చేయి కొద్దిగా వణికినా గీత బతుకుతుంది. జూమ్ ముట్టుకోను. వేళ్లతో లాగి చేసే జూమ్ చాలావరకు ఫొటో మధ్య భాగాన్ని కత్తిరించి పెద్దది చేయడమే, దానివల్ల ఒక్క కొత్త వివరం కూడా రాదు. ఫోన్‌కు వేరే `2x` గానీ `3x` గానీ లెన్సు ఉంటే అది నిజమైన జూమ్, దుకాణం బోర్డును రోడ్డు అవతలి నుంచి తీయడానికి అదే సరైన సాధనం. అయితే వెలుతురు చాలనప్పుడు కొన్ని ఫోన్లు `3x` అని చూపిస్తూనే ప్రధాన కెమెరా ఫొటోనే కత్తిరించి ఇస్తాయి. వేలితో ఆ దూరపు లెన్సును మూసి చూడండి. తెర మీద బొమ్మ నల్లబడకపోతే ఆ లెన్సు పనిచేయడం లేదన్న మాట. వెడల్పు ఎక్కువ చూపే `0.5x` లెన్సు బోర్డులకు పనికిరాదు, అక్షరానికి పిక్సెళ్లు సగానికి తగ్గుతాయి, అంచుల దగ్గర అక్షరాలు వంగుతాయి.

తర్వాత అక్షరాల మీదే వేలుపెట్టి కాసేపు నొక్కి పట్టుకుంటాను. ఫోకసూ వెలుతురూ రెండూ అక్కడ స్థిరపడతాయి. బోర్డు వెనక ఆకాశం తెల్లగా ఉంటే ఫోన్ ఆకాశాన్ని చూసి బోర్డును చీకటి చేస్తుంది. అదే నల్లటి చెట్టు వెనక ఉంటే తెల్ల బోర్డును మరీ వెలిగించి సన్నని గీతలను తెలుపులో ముంచేస్తుంది. వేలు పెట్టినచోట వచ్చే చిన్న సూర్యుడి గుర్తును కిందికో పైకో జరిపి, తెల్ల భాగం పూర్తిగా పాలిపోకుండా చూసుకోవాలి. కాస్త చీకటి ఫొటోను తర్వాత వెలిగించుకోవచ్చు, తెల్లబోయిన ఫొటోలో గీతను తిరిగి తెచ్చుకోలేం. రెండు చేతులతో ఫోన్ పట్టుకుని, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, దగ్గర్లో స్తంభం ఉంటే భుజం దానికి చేర్చి, రెండు సెకన్ల టైమర్ పెడతాను. టైమర్ ఉంటే నొక్కిన కుదుపు ఫొటో తీసే వేళకు తగ్గిపోతుంది. ఒక్కటి తీసి వదలకుండా నాలుగైదు వరసగా తీస్తాను. వణుకు ప్రతిసారీ ఒకేలా ఉండదు, వాటిలో ఒకటి తప్పకుండా మిగతావాటికన్నా నిశ్చలంగా వస్తుంది.

అక్కడి నుంచి కదిలే ముందే ఒక పరీక్ష చేయాలి. ఫొటో తెరిచి, ధ కింది గీత, వ ఒత్తు తెర మీద కనిపించేంత పెద్దది చేసి, మీకు పేరు తెలియదనుకుని చూడండి. పేరులో ఏ చిన్న గీత అనుమానంగా ఉందో అక్కడే వేలుపెట్టి చూడాలి, బోర్డు మొత్తాన్ని చూస్తే మనసు మళ్లీ పూరించేస్తుంది. అనుమానం ఉంటే ఆ అక్షరం వరకు దగ్గరికి వెళ్లి ఇంకో ఫొటో తీసుకోవడం అరనిమిషం పని. ఇంటికొచ్చాక దానికోసం మళ్లీ ఆ ఊరు వెళ్లాలి.

కొన్ని బోర్డులకు ఈ పద్ధతిలో మార్పు కావాలి. జాతీయ రహదారుల మీది ఆకుపచ్చ బోర్డులు కాంతిని వచ్చిన దిక్కుకే తిరిగి పంపే రేకుతో చేస్తారు. రాత్రి ఫ్లాష్ వేస్తే ఆ వెలుగంతా లెన్సులోకే వచ్చి తెల్ల అక్షరాలు ఉబ్బి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఫ్లాష్ ఆపి, పగలే తీయడం మంచిది. మెరిసే ఫ్లెక్సుల మీద ఎండ పడి తెల్ల మచ్చ వస్తే పక్కకు రెండడుగులు జరగండి, మచ్చ కూడా జరుగుతుంది. మచ్చ వేర్వేరు చోట్ల ఉన్న రెండు ఫొటోలు ఉంటే మొత్తం పేరు చదవవచ్చు. వెలిగే ఎల్‌ఈడీ చుక్కల బోర్డులు మాత్రం పూర్తిగా తిరగబడ్డ కేసు. అవి వరుసలను వంతులవారీగా వేగంగా వెలిగిస్తాయి, షట్టర్ తక్కువసేపు తెరిస్తే కొన్ని వరుసలు ఆరిపోయి కనిపించి అక్షరం సగం పోతుంది. వాటికి షట్టర్ సమయం పెంచాలి. కెమెరాలో ప్రో మోడ్ ఉంటే యాభయ్యో వంతు సెకను పెట్టి ఫోన్‌ను కదలకుండా ఆనించి తీయండి. లేకపోతే వీడియో తీసి, అక్షరాలు నిండుగా ఉన్న ఫ్రేమును ఎంచుకోండి.

చదివించే దగ్గర ఒక చిన్న సూచన. మీరు వాడేది టెసరాక్ట్ అయితే, ఫొటో మొత్తాన్ని ఇవ్వకుండా బోర్డు వరకు కత్తిరించి, ఒక్కో పంక్తిని విడిగా ఇచ్చి ఒకే పంక్తి అని చెప్పండి:

```
tesseract board.png out -l tel --psm 7
```

ఒకే పంక్తిలో తెలుగు, ఇంగ్లీషు కలిసి ఉంటే `tel+eng` అనాలి. తెలుగు మాత్రమే ఉన్నచోట ఇంగ్లీషును చేర్చకపోవడం నయం, లేకపోతే సున్న ఒక్కోసారి ఇంగ్లీషు `o` అవుతుంది. కత్తిరించిన ముక్కను పీఎన్‌జీగా దాచుకోండి, మళ్లీ జేపెగ్‌గా దాచిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది.

తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో చదివిన ఫలితమే కొంత చెబుతుంది. తప్పులన్నీ పేరు ఒక కొసనే గుమిగూడితే అది కోణం తప్పు, దూరపు కొస అక్షరాలకు పిక్సెళ్లు చాలలేదు. పేరంతటా ఒత్తులూ గుడులూ పోయి, అక్షరాల ఒళ్లు సరిగ్గా ఉంటే దూరం గానీ మసక గానీ కారణం. ఒత్తులు మాత్రమే పోయి, పైనున్న గుడులు, దీర్ఘాలు సరిగ్గా ఉంటే పంక్తుల విభజనలో తేడా వచ్చింది, ఫొటోను నిటారుగా తిప్పి ఇంకోసారి చదివించండి, మళ్లీ తీయనక్కర్లేకపోవచ్చు.

ఇంత చేశాక కూడా ధ బదులు ద వస్తే, బోర్డు మీదే ద రాసి ఉందేమో చూడాలి. రాసినవారు గీత వదిలేయడం అరుదేమీ కాదు, ఎండకూ వానకూ రంగు రాలిపోవడమూ మామూలే. దీన్ని తేల్చడానికి అదే ఫొటోలో అంతే మందం ఉన్న ఇంకో గీతను పక్కన పెట్టి చూడండి. ర మీది తలకట్టో, శ్వ కింది ఒత్తో స్పష్టంగా కనిపిస్తూ, అదే మందంలో ఉండాల్సిన ధ కింది గీత మాత్రం కనబడకపోతే, ఫొటో దాన్ని పోగొట్టలేదు, బోర్డు మీద అది లేదు. ఆ పక్క గీతలు కూడా మసకగా ఉంటే ఫొటోను బట్టి ఏమీ చెప్పలేం, మళ్లీ తీయాల్సిందే. బోర్డు మీద నిజంగానే గీత లేదని తేలితే మ్యాపులో పేరు గడిలో ఊరివాళ్లు రాసుకునే రూపాన్నే ఉంచి, బోర్డు మీద ఇలా ఉందని గమనికలో రాసిపెట్టండి. తర్వాత ఆ ఫొటో చూసి సరిదిద్దబోయేవారికి అది పనికొస్తుంది.